తిడతారన్న భయంతో రాత్రిపూట డాక్టర్‌కి ఫోన్ చేయలేకపోతున్న స్టాఫ్ నర్స్‌కి

ప్రశ్న: జీఎన్‌ఎం అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో చేరి 7 నెలలైంది. రాత్రి ఫోన్ చేస్తే సర్జన్ గారు "ఇదీ ఒక ఫోనేనా, నీకు బుర్ర ఉందా" అని అరిచి పెట్టేస్తారు. చేయకపోతే పొద్దున ఇన్‌ఛార్జి సిస్టర్ పేషెంట్ల ముందే తిడతారు. ఫోన్ తీయాలంటే చేతులు వణుకుతున్నాయి. రేపటి నుంచి మళ్లీ నైట్స్. మానేయాలా, ఇలాగే భరించాలా?

రెండూ వద్దు సిస్టర్. ఇప్పుడే మానేయకండి, అలాగని ఊరికే భరించనూ వద్దు. ముందు మీరు ఫోన్ చేసే పద్ధతి మార్చి ఒక నెల చూడండి. పని గురించి వచ్చే తిట్లు చాలావరకు దాంతోనే తగ్గుతాయి. అప్పటికీ తగ్గకపోతే ఆ తిట్లు మీ పని గురించి కావని అర్థం. అప్పుడు కాగితం మీద పెట్టాలి, ఆ దారి కూడా చెప్తాను. ఈలోగా ఒక్కటి మాత్రం రేపటి నైట్ నుంచే పాటించండి: తిడతారేమో అని ఫోన్ చేయడం ఆపకండి. ఇది నేను ఊరికే అనడం లేదు. ఒకసారి అలా ఆపాను.

నేను ఈ పనిలోకి వచ్చి 21 ఏళ్లయింది. మొదట సర్జికల్ వార్డు, తర్వాత సర్జికల్ ఐసీయూ, గత 8 ఏళ్లుగా వార్డు ఇన్‌ఛార్జిని. అంటే తిట్లు తిన్నదాన్నీ నేనే, తర్వాత తిట్టే కుర్చీలో కూర్చున్నదాన్నీ నేనే.

చేరిన మొదటి ఏడాది సంగతి ఇది. పేగు ఆపరేషన్ అయిన పేషెంట్, 50 దాటిన మనిషి, 60 కిలోలు ఉంటారు. ఆపరేషన్ తర్వాత రెండో రాత్రి. 10 గంటలకు అన్నీ బాగున్నాయి. పల్స్ 88, బీపీ 130/80, యూరిన్ బ్యాగులో గంటకు 50 ఎంఎల్ వస్తోంది. ఒంటిగంటకు చూస్తే ఆయన మంచం మీద కుదురుగా లేరు. దుప్పటి తీసేస్తున్నారు, దాహం అంటున్నారు, "ఏదోలా ఉందమ్మా" అంటున్నారు. పల్స్ 118. బీపీ 104/70. శ్వాస నిమిషానికి 22. ఆక్సిజన్ 96, జ్వరం లేదు. ఆ గంటలో వచ్చిన యూరిన్ 15 ఎంఎల్.

ఫోన్ చేయాలని నాకు తెలుసు. కానీ ముందు రాత్రి ఒక డ్రిప్ గురించి ఫోన్ చేసినందుకు అదే సర్జన్ చేతిలో తిట్లు తిని ఉన్నాను. బీపీ ఇంకా 100 పైనే ఉంది కదా, ఇంకోసారి చూసి చేద్దాం అనుకున్నాను. అలా గంటన్నర గడిచింది. 2.30కి బీపీ 84/60, పల్స్ 136. అప్పుడు చేశాను. పొట్టలో రక్తస్రావం అవుతోంది. రాత్రికి రాత్రే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు, 4 యూనిట్ల రక్తం ఎక్కించారు. ఆయన బతికారు, 6 రోజులు ఐసీయూలో ఉండి ఇంటికి వెళ్లారు. పొద్దున నన్ను అందరూ తిట్టారు. ఒంటిగంటకే ఎందుకు చేయలేదమ్మా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి నేను చేసిన తప్పును మీరు సరిగ్గా పట్టుకోవాలి, ఎందుకంటే భయపడే ప్రతి జూనియర్ ఇదే తప్పు చేస్తుంది. లోపల రక్తం పోతున్నప్పుడు శరీరం ముందు గుండె వేగం పెంచుతుంది, చర్మానికీ కిడ్నీలకూ వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే పల్స్ పెరుగుతుంది, యూరిన్ తగ్గుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషికి స్థిమితం ఉండదు. ఈ సర్దుబాటు వల్లే బీపీ నిలబడి ఉంటుంది. శరీరంలోని రక్తంలో 30 శాతం దాకా పోయినా పై బీపీ పెద్దగా పడకపోవచ్చు. అది పడేసరికి శరీరం చేతులెత్తేస్తున్నట్టు లెక్క. బీపీ పడటం మొదటి గుర్తు కాదు, ఆలస్యంగా కనిపించే గుర్తు.

మరి భయపడే నర్స్ ఏ గుర్తు కోసం ఆగుతుంది? బీపీ కోసమే. ఎందుకంటే "పల్స్ కాస్త ఎక్కువుంది సార్" అంటే తిట్టొచ్చు, "బీపీ 84 సార్" అంటే ఎవరూ తిట్టలేరు. అంటే ఎవరూ తిట్టలేని నంబర్ వచ్చేదాకా మనం పేషెంట్‌ని వదిలేస్తున్నాం. సీనియర్ కోపం వల్ల జరిగే అసలు నష్టం ఇదే. మీరు ఏడవడం ఒక నష్టం, కాదనను. కానీ మీ ఫోన్ తొలి గుర్తు దగ్గర నుంచి చివరి గుర్తు దగ్గరికి జరిగిపోవడం దానికంటే పెద్ద నష్టం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడే పేషెంట్‌కి రక్తం పోతున్నా పల్స్ అంతగా పెరగకపోవచ్చు, కాబట్టి పల్స్ నార్మల్ అని ధైర్యపడొద్దు. అలాగే డ్రెయిన్ ఖాళీగా ఉంటే బ్లీడింగ్ లేదనుకోవద్దు. గొట్టంలో రక్తం గడ్డకట్టినా డ్రెయిన్ ఖాళీగానే కనిపిస్తుంది. మా పేషెంట్ విషయంలో అదే జరిగింది.

ఇప్పుడు ఫోన్ సంగతికి వద్దాం. నేను ఆ తర్వాత కూడా చాలాకాలం ఫోన్ ఇలా చేసేదాన్ని: "సార్, 12వ బెడ్ పేషెంట్ కొంచెం రెస్ట్‌లెస్‌గా ఉన్నారు సార్." అవతల నిద్రలో ఉన్న మనిషి "పల్స్ ఎంత?" అంటారు. "చూసి చెప్తాను సార్." "యూరిన్?" "చూస్తాను సార్." ఇక అరుపులు. అరవడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ ఫోన్‌లో ఆయన నిర్ణయం తీసుకోవడానికి నేను ఏమీ ఇవ్వలేదన్నది కూడా నిజమే. నిద్ర లేపి ఒక పజిల్ ఇచ్చాను.

దీనికి ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది, మీ కాలేజీలో చెప్పే ఉంటారు. నాలుగు భాగాలు: ఇప్పుడు ఏం జరిగింది, అంతకుముందు ఏముంది, నాకేమనిపిస్తోంది, మీరు ఏం చేయాలి. ఇది అమెరికా నౌకాదళంలోని అణు జలాంతర్గాముల్లో మొదలై, తర్వాత అక్కడి కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల ద్వారా వైద్యంలోకి వచ్చింది. పైవాడి మాటకు ఎదురు చెప్పకూడని చోట, కిందివాడు చెప్పాల్సింది చెప్పగలగడానికి పుట్టిన పద్ధతి. మన వార్డులకు ఇంతకంటే సరిపోయేది నేను చూడలేదు.

ఆ రాత్రి ఒంటిగంటకు నేను చేసి ఉండాల్సిన ఫోన్ ఇది:

"సార్, సర్జికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్స్‌ని. 12వ బెడ్, మొన్న పేగు ఆపరేషన్ అయిన పేషెంట్. పల్స్ 118కి పెరిగింది, యూరిన్ తగ్గిపోయింది. 10 గంటలకు పల్స్ 88, బీపీ 130/80. ఇప్పుడు బీపీ 104/70, శ్వాస 22, ఆక్సిజన్ 96, జ్వరం లేదు. యూరిన్ గంటకు 50 నుంచి 15కి పడింది. డ్రెయిన్‌లో ఏమీ లేదు, పొట్ట సాయంత్రం కంటే బిగిసినట్టుంది. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి సార్. ఈలోగా హీమోగ్లోబిన్, క్రాస్ మ్యాచ్ పంపమంటారా? ఫ్లూయిడ్ ఎంత ఇవ్వమంటారు?"

చదివి చూడండి, నిమిషం కూడా పట్టదు. ఇందులో గమనించాల్సినవి రెండే. ఒకటి, నంబర్ ఒక్కటే చెప్పకుండా అది ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చెప్పాను. 104/70 అని మాత్రమే అంటే "అది నార్మలే కదా, పెట్టెయ్" అంటారు. 130 నుంచి 104 అంటే ఎవరూ అలా అనలేరు. రెండు, చివర్లో నాకేం కావాలో అడిగాను. మనలో చాలామంది చెప్పాల్సిందంతా చెప్పి ఆగిపోతాం, వస్తానని ఆయనే అంటారని ఎదురుచూస్తాం. "మీరు వచ్చి చూడాలి" అన్న ముక్క నోటి నుంచి రావాలి. "డయాగ్నసిస్ చెప్పడానికి నువ్వెవరు" అంటారేమో అని మీకు భయంగా ఉండొచ్చు. డయాగ్నసిస్ చెప్పొద్దు, అనుమానం చెప్పండి. అదీ నోరు రాకపోతే "నాకు ఈ పేషెంట్‌ని చూస్తే ఆందోళనగా ఉంది" అనండి చాలు.

మీ ఆసుపత్రిలో చార్టు మీద ముందస్తు హెచ్చరిక స్కోరు వేసే గడులు ఉంటే దాన్ని ఆయుధంగా వాడండి. ఇంగ్లండ్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో 'న్యూస్' అనే స్కోరు తెచ్చారు, 2017లో దాన్ని సవరించారు. ఇక్కడ కూడా చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో అదో, అలాంటిదో వాడుతున్నారు. నా రోజుల్లో అది లేదు. ఇప్పుడు ఆ ఒంటిగంట నంబర్లకు వేసి చూస్తే పల్స్ 118కి 2, బీపీ 104కి 1, శ్వాస 22కి 2, మిగతావాటికి సున్నా. మొత్తం 5. మొత్తం 5 అయితే వెంటనే డాక్టర్ చూడాలని ఆ పద్ధతే చెప్తుంది. 10 గంటలకు అదే పేషెంట్ స్కోరు సున్నా. "స్కోరు 5 సార్, ప్రోటోకాల్ ప్రకారం చేస్తున్నాను" అన్నప్పుడు ఆ ఫోన్ మీ భయం మీదో ధైర్యం మీదో ఆధారపడదు. తిట్టాలన్నా ఆసుపత్రి పెట్టిన నియమాన్నే తిట్టాలి.

ఈ స్కోరులో యూరిన్ ఉండదు, అది విడిగా గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లకు కిలోకి గంటకు అర ఎంఎల్ లెక్క. 60 కిలోల మనిషికి 30 ఎంఎల్. వరుసగా రెండు గంటలు అంతకంటే తక్కువ వస్తే, ముందు గొట్టం మడతపడిందేమో చూసి, ఆ తర్వాత ఫోన్ చేయండి.

ఫోన్ తీసి అరిచి పెట్టేస్తే? అదే కదా మీ అసలు భయం.

మీ ఆసుపత్రిలో రాత్రిపూట డ్యూటీ డాక్టర్ ఉంటే ముందు ఆయన్ని బెడ్ దగ్గరికి తీసుకురండి. సర్జన్‌కి ఆయన చేత మాట్లాడించడం మంచిది. అలా కుదరక మీరే చేసినప్పుడు పెట్టేస్తే, టైమ్ రాసుకుని, 5 నిమిషాల్లో మళ్లీ చేయండి. "సార్, ఇందాక లైన్ కట్ అయింది. 12వ బెడ్ గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది" అని నేరుగా నంబర్లలోకి వెళ్లండి. లైన్ ఆయనే కట్ చేశారని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ మాట ఆయనకు తగ్గడానికి కాస్త చోటిస్తుంది. ఈ మాటతో ఎంతమంది దారికొచ్చారో నేను కళ్లారా చూశాను. రెండోసారీ పని కాకపోతే నైట్ సూపర్‌వైజర్‌కి చెప్పండి, "డాక్టర్ గారికి రెండుసార్లు చేశాను, పేషెంట్ పరిస్థితి ఇది, మీరు మాట్లాడాలి" అని. సూపర్‌వైజర్‌కి చెప్పడం పితూరీ కాదు. అందుకే ఆమెకు ఆ డ్యూటీ. పేషెంట్ స్పృహ తగ్గుతున్నా, శ్వాస ఆడకపోతున్నా ఈ మెట్లన్నీ పక్కన పెట్టి కోడ్ బ్లూ పిలవండి.

ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే రాసుకుని, తిరిగి చదివి వినిపించండి. కోపంగా ఉన్న మనిషికి తిరిగి చదివి వినిపించాలంటే గొంతు రాదు, నాకు తెలుసు. అయినా చేయాలి. నిద్రమత్తులో 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' ఒకేలా వినిపిస్తాయి. "ఒకటి, ఐదు... పదిహేనే కదా సార్" అని విడదీసి అడగండి. పొటాషియం క్లోరైడ్, ఇన్సులిన్, హెపారిన్ లాంటివి ఫోన్ మీద చెప్పినప్పుడు ఇంకో సిస్టర్‌ని స్పీకర్‌లో వినమనండి. పొద్దున రౌండ్స్‌లో ఆ ఆర్డర్ మీద సంతకం అడిగి తీసుకోండి.

కేస్ షీట్‌లో ఏం రాయాలన్నది కూడా కొత్తవాళ్లు తప్పు చేసే చోటు. "01.10కి డాక్టర్ గారికి ఫోన్‌లో తెలిపాను, పల్స్ 118, బీపీ 104/70, యూరిన్ 15 ఎంఎల్ చెప్పాను, ఆర్డర్ రాలేదు. 01.15కి మళ్లీ చేశాను. 01.20కి సూపర్‌వైజర్‌కి తెలిపాను." ఇంతవరకే. "డాక్టర్ అరిచారు, అవమానించారు" అని కేస్ షీట్‌లో రాయకండి. అది పేషెంట్ రికార్డు, మీ గొడవకు చోటు కాదు. రేపు ఏదైనా అయితే అందులో మిమ్మల్ని కాపాడేది టైములూ నంబర్లూ మాత్రమే. తిట్టిన మాటలు మీ సొంత డైరీలో రాయండి: తేదీ, టైమ్, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారు. డైరీలో పేషెంట్ పేరు రాయొద్దు, కేస్ షీట్ ఫోటో తీసి మీ ఫోన్‌లో పెట్టుకోవద్దు. పేషెంట్ వివరాలు బయటికి తెచ్చారని అదే మీ మీదికి తిప్పుతారు.

ఇవన్నీ ఫోన్ చేసేటప్పటి సంగతులు. కానీ నాకు అన్నింటికంటే పనికొచ్చింది ఫోన్‌కి ముందే చేసే పని. సాయంత్రం రౌండ్స్ అప్పుడు, మీ డ్యూటీ కాకపోతే ఈవెనింగ్ సిస్టర్ ద్వారా, కొత్త ఆపరేషన్ పేషెంట్ల గురించి ఒక్క ప్రశ్న అడిగించండి: "సార్, ఈ పేషెంట్‌కి ఏ నంబర్ దాటితే మీకు ఫోన్ చేయమంటారు?" "పల్స్ 110 దాటితే, యూరిన్ 30 కంటే తగ్గితే, డ్రెయిన్‌లో 100 దాటితే చెప్పు" అంటారు. అది ఆర్డర్ షీట్‌లో రాయించండి. రాత్రి మీరు చేసే ఫోన్ అప్పుడు ఆయన ఆర్డర్‌ని పాటించడమే అవుతుంది. నేను ఇన్‌ఛార్జి అయ్యాక మా వార్డులో మొదట పెట్టిన పద్ధతి ఇదే. అప్పటిదాకా మా పిల్లల మీద బాగా అరిచే ఒక సర్జన్ కొన్నాళ్లకు తనే రాసి వెళ్లడం మొదలుపెట్టారు.

అలాగే నిజంగానే చేయక్కర్లేని ఫోన్లు కొన్ని ఉంటాయి, ఒప్పుకుందాం. నిద్రమాత్ర, రేపటి టిఫిన్, డ్రిప్ ఎప్పుడు ఆపాలి, ఇంటికి ఎప్పుడు పంపుతారని అటెండర్లు అడిగే ప్రశ్న. ఇవన్నీ చార్జ్ తీసుకున్న మొదటి గంటలో కాగితం మీద రాసి, 10 గంటలలోపు డ్యూటీ డాక్టర్‌ని ఒకేసారి అడిగేయండి. మొదటి ఫోన్ రెండింటికి డ్రిప్ గురించి వెళ్తే, మూడింటికి బ్లీడింగ్ గురించి చేసే ఫోన్‌ని కూడా అదే చెవితో వింటారు.

ఇన్‌ఛార్జి సిస్టర్ విషయం వేరు. ఆమెతో రోజూ 6 గంటలో 8 గంటలో ఒకే గదిలో ఉండాలి. ఆ కుర్చీలో కూర్చున్నాక నాకు తెలిసిందేంటంటే, పొద్దున హ్యాండోవర్ అప్పుడు ఇన్‌ఛార్జికి కోపం వచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకే కారణానికి: 9 గంటల రౌండ్స్‌లో డాక్టర్ అడిగే ప్రశ్నకు తన దగ్గర జవాబు ఉండదేమో అన్న భయం. పైగా మనుషులు చాలరు. మామూలు వార్డులో అయిదుగురు పేషెంట్లకు ఒక నర్స్ ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క, టీచింగ్ ఆసుపత్రిలో అయితే ముగ్గురికి ఒకరు. మన వార్డుల్లో రాత్రి ఎంతమందికి ఒకరు ఉంటున్నారో మీకు చెప్పక్కర్లేదు. ఇది కారణమే కానీ, పేషెంట్ల ముందు తిట్టడానికి అనుమతి కాదు.

ఆమె వచ్చే అరగంట ముందు ఒక్కో ఆపరేషన్ పేషెంట్‌కి ఇవి సరిచూసుకోండి: రాత్రి మొత్తం యూరిన్, డ్రెయిన్ లెక్క, ఇచ్చిన మందులకు సంతకాలు, పంపిన టెస్టుల రిపోర్టులు, రాత్రి చేసిన ఫోన్లు. ఇవి ఆమె అడగకముందే మీరు చెప్పండి. అయినా పేషెంట్ ముందు గొంతు పెంచితే, అక్కడ వాదించొద్దు, ఏడుస్తూ నిలబడొద్దు. "సరే సిస్టర్, ముందు ఇది సరిచేస్తాను. మిగతాది స్టేషన్‌లో చెప్పండి" అని పని మొదలుపెట్టండి. ఆ రోజో మర్నాడో, ఆమె కాస్త ఖాళీగా ఉన్నప్పుడు ఒంటరిగా వెళ్లి ఒకే ఒక్క సంఘటన గురించి మాట్లాడండి. "మీరు ఎప్పుడూ నన్నే తిడతారు" అంటే గొడవవుతుంది. "నిన్న 7వ బెడ్ దగ్గర అటెండర్ల ముందు అన్నారు సిస్టర్. ఆ తర్వాత వాళ్లు నన్ను ఇంజెక్షన్ చేయనివ్వలేదు, వేరే సిస్టర్ రావాలన్నారు. తప్పుంటే స్టేషన్‌లో చెప్పండి, దిద్దుకుంటాను" అంటే దానికి ఎదురు మాట ఉండదు. మా వార్డులో ఒకమ్మాయి నాతో సరిగ్గా ఇలాగే మాట్లాడింది. ఆ రోజు నాకు నా గొంతు మొదటిసారి బయటి నుంచి వినిపించింది. మర్నాడు ఆ అమ్మాయికి సారీ చెప్పాను.

ఇక ఎక్కడ గీత గీయాలో చెప్తాను. "యూరిన్ చార్ట్ ఎందుకు రాయలేదు" అని గట్టిగా అడిగితే అది మందలింపు, మింగండి, నేర్చుకోండి. చేయి చేసుకోవడం, ట్రే విసరడం, కులం పేరుతో అనడం, ఒళ్లు గురించి మాట్లాడటం, ఫిర్యాదు చేశారని వరుసగా నైట్స్ వేయడం, వేరేవాళ్ల తప్పు మీద మీ చేత సంతకం పెట్టించడం, ఇవి మందలింపు కావు. వీటికి పైన చెప్పిన ఓపిక ఏదీ వర్తించదు, నెల రోజులు ఆగక్కర్లేదు.

నర్సింగ్ సూపరింటెండెంట్‌కి రాతలో ఇవ్వండి, ఒక పేజీ చాలు. డైరీలోని తేదీలు, అన్న మాటలు, అక్కడున్నవాళ్లు, మీకేం కావాలి (వార్డు మార్పా, విచారణా). కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి, ఇవ్వకపోతే అదే ఉత్తరం ఈమెయిల్‌లో పంపండి. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం కింద పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించగలదు. ఎస్సీ, ఎస్టీ అయిన ఉద్యోగిని నలుగురి ముందు కులం పేరుతో అవమానిస్తే అది 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం, పోలీసుల దగ్గరికే వెళ్లొచ్చు.

ఇది చదువుతున్న పీజీ డాక్టర్లకు ఒక మాట. మీ పరిస్థితి ఇంకా బిగుతైనది, ఎందుకంటే తిట్టే మనిషే థీసిస్ మీద సంతకం పెట్టాలి. కానీ సీనియర్ల వేధింపు పీజీల విషయంలో కూడా ర్యాగింగ్ కిందకే వస్తుంది. 2021లో నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలు మీకూ వర్తిస్తాయి. కాలేజీలో చెప్పుకోలేకపోతే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. వారానికి ఒక సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవ్ 2023 పీజీ నిబంధనల్లో ఉన్నాయి, "మా రోజుల్లో ఇవేం లేవు" అన్న మాటతో అవి రద్దు కావు.

ఎప్పుడు మానేయాలి అన్నదానికి నా కొలత ఒకటుంది. తిట్లకు ఏడుపు రావడం కాదు. చేసిన తప్పును దాచాలనిపించడం మొదలైతే, ఇవ్వని మందుకు టిక్ పెట్టి ఊరుకున్నారంటే, ఫోన్ చేయకుండానే "తెలిపాను" అని రాశారంటే, ఆ వార్డులో మీరు ఒక్క రోజు కూడా ఉండకూడదు. వార్డు మార్పు అడగండి, ఇవ్వకపోతే మానేయండి. సెలవు రోజున కూడా నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా ఉద్యోగం సంగతి తర్వాత, ముందు 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మానేసేటప్పుడు కోపంలో చెప్పకుండా వెళ్లిపోవద్దు. నోటీసు ఇచ్చి, రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం చేతికి తీసుకుని వెళ్లండి. ఆ 7 నెలలు తర్వాతి ఉద్యోగంలో లెక్కకు రావాలి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ వాళ్ల దగ్గర ఉంటే ముందు అవి అడగండి. కొత్త చోట చేరేటప్పుడు కాపీలే ఇవ్వండి.

రేపటి నైట్‌కి మాత్రం ఇంత చాలు. అట్ట ముక్క మీద ఆ నాలుగు భాగాలు తెలుగులో రాసి వార్డు ఫోన్ పక్కన అంటించండి. చార్జ్ తీసుకోగానే ఆపరేషన్ పేషెంట్ల 10 గంటల నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే రాత్రి రెండింటికి మీరు చెప్పాల్సిన మొదటి మాట ఆ కాగితం మీదే ఉంటుంది. ఫోన్ చేసే ముందు నంబర్లను ఒకసారి పక్క సిస్టర్‌కి చదివి వినిపించండి. చేతులు వణికినా ఫర్వాలేదు, గొంతు వణికినా ఫర్వాలేదు, కాగితం చూసి చదవండి. ఏమైందో ఇక్కడ రాయండి, నేను చూస్తాను.